ఇంట్లో కూర్చుని విదేశీ డిగ్రీ: కంపెనీ సరే అంటుంది, మరి ఇమిగ్రేషన్?

కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ దిగి హౌసింగ్ బోర్డు కాలనీ వైపు నాలుగడుగులు వేస్తే విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులే బోర్డులు. కొన్నేళ్ళ క్రితం వరకు వాటి మీద ఒకటే మాట ఉండేది: అమెరికాలో ఎమ్మెస్. ఇప్పుడు దాని పక్కనే ఇంకో మాట చేరింది: ఉద్యోగం మానక్కర్లేదు, వీసా అక్కర్లేదు, ఇంట్లో కూర్చునే విదేశీ యూనివర్సిటీ మాస్టర్స్. ఫోన్లలో వచ్చే ప్రకటనలైతే లెక్కే లేదు.

మన ఇళ్ళల్లో ఈ ప్రకటన తేలిగ్గా చెవికెక్కుతుంది. కారణాలు తెలిసినవే. క్యాంపస్‌లో చదవడానికి పంపాలంటే నలభై, యాభై లక్షలు కావాలి. అంత డబ్బు చేతిలో ఉండదు. బ్యాంకు లోన్ అంటే వడ్డీ. రిబా మాట వచ్చేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకున్నా మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఇక అమ్మాయి అయితే, ఒంటరిగా అంత దూరం ఎలా పంపుతాం అనే ప్రశ్న వేరే. అలాంటప్పుడు ఆరేడు లక్షల్లో, జీతంలోంచి కట్టుకుంటూ, గడప దాటకుండా విదేశీ డిగ్రీ వస్తుందంటే వద్దనేదెవరు?

అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ డిగ్రీని తీసుకెళ్ళి ఎవరి టేబుల్ మీద పెట్టబోతున్నాం? ఎందుకంటే ఒకే కాగితం మూడు టేబుళ్ళ మీద మూడు రకాలుగా తూగుతుంది. కంపెనీ హెచ్‌ఆర్ "ఇది నిజమైనదేనా, నీకు పని వచ్చా?" అని చూస్తుంది. మన దేశంలో ప్రభుత్వ సంస్థ "ఇది మా డిగ్రీకి సమానమా?" అని చూస్తుంది. ఇమిగ్రేషన్ అధికారి చాలాసార్లు "నువ్వు ఎక్కడ కూర్చుని చదివావు?" అని చూస్తాడు. మోసపోయామని తర్వాత బాధపడేవాళ్ళలో చాలామంది మొదటి టేబుల్ జవాబు విని మూడో టేబుల్ దగ్గరికి వెళ్ళినవాళ్ళే.

ఒక లెక్క వేసి చూద్దాం

మాట సులువుగా అర్థం కావడానికి ఒక అబ్బాయిని ఊహించుకుందాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీలో నాలుగేళ్ళ బీటెక్ చేశాడు. హైటెక్ సిటీలో ఒక అమెరికన్ కంపెనీ ఆఫీసులో నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. అబ్బాకి రిటైర్మెంట్ దగ్గరపడింది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేయాలని అబ్బాయి కోరిక.

ఆన్‌లైన్ డిగ్రీల్లో అందరూ మంచిదని చెప్పుకునే దాన్నే తీసుకుందాం, తక్కువ రకం దాన్ని పట్టుకుని తీర్పు చెప్పామని అనిపించుకోకుండా. అట్లాంటాలోని జార్జియా టెక్ 2014 జనవరిలో ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొదలుపెట్టింది. పది కోర్సులు, ముప్పై క్రెడిట్లు. మొత్తం ఖర్చు సుమారు 7 వేల డాలర్లు, అంటే మన డబ్బులో ఆరు లక్షల పైచిలుకు. క్యాంపస్‌లో చదివినవాళ్ళకి ఏ పేరుతో డిగ్రీ ఇస్తారో వీళ్ళకీ అదే పేరుతో ఇస్తారు, పట్టా మీద ఆన్‌లైన్ అనే మాట ఉండదు. అది ప్రభుత్వ యూనివర్సిటీ, అక్కడి గుర్తింపు సంస్థ ఆమోదం ఉన్నది. చదువు కూడా ఆషామాషీ కాదు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకి రెండున్నర, మూడేళ్ళు పట్టడం మామూలే.

రెండో దారి, లోన్ తీసుకుని క్యాంపస్‌కి వెళ్ళడం. నలభై లక్షలు లోన్, వడ్డీ 11 శాతం అనుకుంటే ఏడాదికి 4 లక్షల 40 వేలు వడ్డీకే పోతాయి. ఆన్‌లైన్ డిగ్రీ మొత్తం ఖర్చు దాదాపు ఏడాదిన్నర వడ్డీతో సమానం. ఇంతవరకు చూస్తే ఆన్‌లైనే గెలిచినట్టు. ఇప్పుడు ఈ అబ్బాయితో పాటు మూడు టేబుళ్ళూ తిరుగుదాం.

మొదటి టేబుల్: కంపెనీ

గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో ఇలాంటి డిగ్రీకి విలువ ఉంది. కాదనడానికి లేదు. ప్రైవేటు కంపెనీకి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్‌తో పనిలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ యూనివర్సిటీని నేరుగా అడుగుతుంది. అమెరికా డిగ్రీలకు నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ఉంది, బ్రిటన్ డిగ్రీలకు హెడ్ అనే వ్యవస్థ ఉంది. "ఈ పేరుతో, ఈ సంవత్సరం, ఈ డిగ్రీ ఇచ్చారా?" అని వాళ్ళు అడిగేది అంతే. ఇచ్చాం అని జవాబు వస్తే ఫైలు ముందుకు కదులుతుంది.

కానీ ఇక్కడ ఒక తేడా గమనించాలి. చాలామంది ఎడ్‌టెక్ కంపెనీ పేరు చూసి చేరతారు. చివర్లో పట్టా ఇచ్చేది వేరే సంస్థ. రెజ్యూమేలో ఎడ్‌టెక్ కంపెనీ పేరు రాసి, పట్టా మీద ఇంకో దేశం యూనివర్సిటీ పేరుంటే వెరిఫికేషన్‌లో ఫైలు ఆగుతుంది. కోర్సు పేరు "ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్" అని ఉండి చేతికి సర్టిఫికెట్ మాత్రమే వస్తే అది మాస్టర్స్ కిందికే రాదు. పట్టా మీద ఏ పేరుంటుంది, ఏ డిగ్రీ అని ఉంటుంది అనేది డబ్బు కట్టకముందే నమూనా చూపించమని అడగాలి.

మన అబ్బాయి విషయంలో కంపెనీ టేబుల్ దగ్గర డిగ్రీ నెగ్గింది. ఒక్క సంగతి మాత్రం మర్చిపోకూడదు. నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడిని ఇంటర్వ్యూలో అడిగేది పని గురించే. డిగ్రీ షార్ట్‌లిస్టు దాకా తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఆ చదువులో నిజంగా నేర్చుకున్నదే నడిపిస్తుంది.

రెండో టేబుల్: మన ప్రభుత్వం

ఇక్కడ కథ మారిపోతుంది. విదేశీ డిగ్రీ మన డిగ్రీకి సమానం అని చెప్పే పని ఏళ్ళ తరబడి అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్, అంటే ఏఐయూ చూసింది. దాని పద్ధతి ఒకటే: ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లో, రెగ్యులర్‌గా, పూర్తి కాలం చదివి ఉండాలి. అందుకే అది దరఖాస్తుతో పాటు పాస్‌పోర్టులో వీసా పేజీలు, రాకపోకల ముద్రలు ఉన్న పేజీలు కూడా అడుగుతుంది. ఇంట్లో కూర్చుని చదివినవాడి పాస్‌పోర్టులో ఆ ముద్రలు ఎక్కడి నుంచి వస్తాయి?

యూజీసీ కూడా చెప్తూనే ఉంది. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి విదేశీ యూనివర్సిటీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని 2022 అక్టోబర్‌లో ఏఐసీటీఈతో కలిసి ప్రకటించింది. 2023 డిసెంబర్‌లో ఇంకో నోటీసు ఇచ్చింది. విదేశీ సంస్థలతో చేతులు కలిపి డిగ్రీలు, డిప్లొమాలు ఇస్తామని పత్రికల్లో, సోషల్ మీడియాలో ప్రకటనలు ఇచ్చే ఎడ్‌టెక్ కంపెనీల విషయంలో జాగ్రత్త అని, తన అనుమతి లేని అలాంటి డిగ్రీలను గుర్తించనని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో విదేశీ డిగ్రీల గుర్తింపు మీద కొత్త నిబంధనలు వచ్చాయి, ఫ్రాంచైజీ పద్ధతిలో వచ్చిన డిగ్రీలకు అందులోనూ చోటు లేదు.

దీని వల్ల మన అబ్బాయికి వచ్చే నష్టం ఏమిటి? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకున్నంత కాలం ఏమీ లేదు. కానీ రేపు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలనుకున్నా, ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి పోవాలనుకున్నా, మాస్టర్స్ అర్హత అడిగే ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసినా అక్కడ ఆ పట్టా పనికిరాదు. అతని అర్హత బీటెక్ దగ్గరే ఆగిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే ఆన్‌లైన్ చదువు మన దేశంలో అనుమతి ఉన్న యూనివర్సిటీ నుంచి అయితే చెల్లుతుంది. యూజీసీ అనుమతితో నడిచే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2020 నిబంధనల్లోనే ఉంది, 2022 సెప్టెంబర్‌లో యూజీసీ మళ్ళీ స్పష్టం చేసింది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్యలో చేసిన ఎమ్ఏకి ఇక్కడి ప్రభుత్వం దగ్గర ఉండే విలువ, పది లక్షలు పోసి ఎడ్‌టెక్ ద్వారా తెచ్చుకున్న విదేశీ ఆన్‌లైన్ మాస్టర్స్‌కి ఉండదు. టీచింగ్ వైపు, ప్రభుత్వ కొలువు వైపు చూసే మన అమ్మాయిలకు ఈ సంగతి ముందే తెలియాలి.

మూడో టేబుల్: అమెరికా

ఇప్పుడు అసలు కోరిక దగ్గరికి వద్దాం. ఈ అబ్బాయికి కావాల్సింది డిగ్రీ ఒక్కటే కాదు, అమెరికా కూడా. క్యాంపస్ మాస్టర్స్‌లో నలభై లక్షలు పోసేవాళ్ళు చదువు కోసం మాత్రమే పోయడం లేదు. దాంతో పాటు వచ్చే ఎఫ్-1 వీసా కోసం, చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది, కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ సబ్జెక్టు కాబట్టి ఇంకో రెండేళ్ళు అక్కడ పనిచేసే హక్కు కోసం పోస్తున్నారు. ఆన్‌లైన్ డిగ్రీలో ఇవేవీ లేవు. తమ ఆన్‌లైన్ కోర్సు మీద ఎఫ్-1 వీసా రాదని జార్జియా టెక్ తనే చెప్తుంది. ఎఫ్-1 మీద వెళ్ళినవాళ్ళకు కూడా సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ కోర్సును, అంటే మూడు క్రెడిట్లను మాత్రమే పూర్తికాలపు చదువు కింద లెక్కిస్తారు.

ఈ నిబంధన విలువ మన తెలుగువాళ్ళు చాలా కష్టపడి నేర్చుకున్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి ఫెడరల్ అధికారులు దాడి చేశారు. అందులో పేరున్న విద్యార్థులు సుమారు 1,500 మంది, ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన మన పిల్లలే. ఎఫ్-1 వీసా మీద ఉన్నారు, కానీ చదువు ఆన్‌లైన్ పేరుతో. చాలామంది అసలు కాలిఫోర్నియాలోనే లేరు, వేరే రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు కట్టారు, అప్పట్లో మన విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ కూడా దాన్ని తప్పుబట్టారు. ఆ యూనివర్సిటీ పెట్టిన సూసన్ సుకి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. పిల్లలకు పోయిన ఏళ్ళు మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి "పేరుకి వీసా, చదువు ఆన్‌లైన్" అని ఎవరైనా ప్యాకేజీ చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

సరే, స్టూడెంట్ వీసా రాదు. ఆన్‌లైన్ మాస్టర్స్ పూర్తిచేసి కూకట్‌పల్లి నుంచే నేరుగా హెచ్-1బీకి పోవచ్చు కదా? ఈ ప్రశ్నకు జవాబు రెండు మెట్లలో చెప్పాలి.

మొదటి మెట్టు, చట్టం. హెచ్-1బీకి బ్యాచిలర్స్ చాలు, మన అబ్బాయి నాలుగేళ్ళ బీటెక్ దానికి సరిపోతుంది. ఏటా ఇచ్చే 65 వేల వీసాలకు తోడు, అమెరికాలో మాస్టర్స్ ఉన్నవాళ్ళకు ఇంకో 20 వేలు ఉంటాయి. ఆ 20 వేలలోకి రావాలంటే డిగ్రీ ఇచ్చింది అమెరికా యూనివర్సిటీయే అయి ఉండాలి, అది ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో కావాలి, గుర్తింపు ఉండాలి, దరఖాస్తు నాటికి డిగ్రీ పూర్తయి ఉండాలి. ఆన్‌లైన్‌లో చదివితే పనికిరాదని చట్టంలో లేదు. అంటే జార్జియా టెక్ ఆన్‌లైన్ డిగ్రీ ఈ కోటాకు అర్హమైనదే. అదే లాభం కోసం నడిచే అమెరికా యూనివర్సిటీ డిగ్రీ గానీ, బ్రిటన్, ఐరోపా యూనివర్సిటీ డిగ్రీ గానీ ఎంత మంచిదైనా ఈ కోటాకు పనికిరాదు. ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే విదేశీ మాస్టర్స్‌లో చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి. ప్రకటనలో ఈ తేడా చెప్పరు.

రెండో మెట్టు, ఖర్చు. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. సెప్టెంబర్ 21 నుంచి ఏడాది కాలానికి, అమెరికా బయట ఉన్న మనిషి కోసం కొత్తగా హెచ్-1బీ పెట్టాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అక్టోబర్‌లో ఇచ్చిన వివరణలో, అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్ళకు ఇది వర్తించదని చెప్పారు. ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరిదీ జార్జియా టెక్ మాస్టర్సే, పట్టా మీద అవే అక్షరాలు. ఒకడు అట్లాంటాలో చదివాడు, వాడి కోసం కంపెనీ ఆ లక్ష డాలర్లు కట్టక్కర్లేదు. ఇంకొకడు కూకట్‌పల్లిలో చదివాడు, వాడి కోసం కట్టాలి. ఏ కంపెనీ కడుతుంది? డిగ్రీలో తేడా లేదు, మనిషి నిలబడ్డ చోటులో ఉంది.

గ్రీన్ కార్డు వైపు చూసినా పెద్ద తేడా కనపడదు. ఈబీ-2 వర్గానికి మాస్టర్స్ కావాలి, లేదంటే బ్యాచిలర్స్ మీద ఐదేళ్ళ అనుభవం ఉన్నా సరిపోతుంది. ఎలా వచ్చినా భారతీయుల వరుస ఏళ్ళ తరబడి సాగేదే.

మరి ఈ అబ్బాయికి అమెరికా దారే లేదా? ఉంది, కానీ అది డిగ్రీ గుండా పోదు. అతను పనిచేసేది అమెరికన్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో. గత మూడేళ్ళలో కనీసం ఏడాది పాటు ఆ కంపెనీలో వరుసగా పనిచేసి, మేనేజర్ స్థాయిలోనో ప్రత్యేక నైపుణ్యం ఉన్న పనిలోనో ఉంటే కంపెనీ ఎల్-1 వీసా మీద పంపవచ్చు. ఎల్-1కి డిగ్రీ షరతు లేదు, లాటరీ లేదు, పైన చెప్పిన లక్ష డాలర్లూ లేవు. ఆన్‌లైన్ చదువు వల్ల కంపెనీలో పెద్ద బాధ్యత వచ్చి, ఆ బాధ్యత వల్ల ఎల్-1 వస్తే, అదే ఆ డిగ్రీ చేసే నిజమైన మేలు. అయితే పంపాలా వద్దా అన్నది కంపెనీ చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు.

బ్రిటన్, కెనడా

బ్రిటన్‌లో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా, స్టూడెంట్ వీసా మీద అక్కడ ఉండి చదివినవాళ్ళకే. హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్ మాస్టర్స్ చేస్తే ఆ వీసా రాదు. అక్కడి స్కిల్డ్ వర్కర్ వీసాకైతే ముఖ్యంగా చూసేది స్పాన్సర్ చేసే కంపెనీ, పని రకం, జీతం. అందులో డిగ్రీ ఆన్‌లైన్‌దా కాదా అన్నదానికి పెద్ద పాత్ర లేదు.

కెనడా మాత్రం కాస్త భిన్నం. చదువు తర్వాత ఇచ్చే వర్క్ పర్మిట్ ఆన్‌లైన్ వాళ్ళకు రాదు, ఇది మామూలే. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల లెక్కలో, విదేశీ డిగ్రీని మదింపు చేసే సంస్థ, ఉదాహరణకు డబ్ల్యూఈఎస్, దాన్ని మాస్టర్స్‌గా ఒప్పుకుంటే పాయింట్లు పెరుగుతాయి. పెళ్ళికాని దరఖాస్తుదారుకి బ్యాచిలర్స్ మీద 120 పాయింట్లు, మాస్టర్స్ మీద 135. ఇంగ్లిష్ స్కోరు సీఎల్‌బీ 9 స్థాయిలో ఉంటే నైపుణ్యాల లెక్కలో ఇంకో 25 కలుస్తాయి. మొత్తం 40 పాయింట్ల తేడా. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీ ఇమిగ్రేషన్ లెక్కలో అంకెగా కనిపించే చోటు ఇదొకటి. కట్-ఆఫ్ ఎంత దగ్గర ఆగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోవడం కుదరదు.

గల్ఫ్: ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ పొరబడేది

అమెరికా రాకపోతే దుబాయ్, రియాద్ ఉన్నాయి కదా, అక్కడ విదేశీ డిగ్రీ అంటే గౌరవం ఎక్కువ అని చాలా ఇళ్ళల్లో అనుకుంటారు. గల్ఫ్ ప్రభుత్వాలు కాగితాల విషయంలో అమెరికా కంటే పట్టుదలగా ఉంటాయి. పెద్ద హోదా పేరుతో వర్క్ వీసా రావాలంటే డిగ్రీ అటెస్టేషన్ కావాలి, కొన్ని వృత్తులకు, ప్రభుత్వ కొలువులకు ఈక్వివలెన్స్ కూడా కావాలి. ఈక్వివలెన్స్ దగ్గర యూనివర్సిటీని అడిగే ప్రశ్నల్లో ఒకటి "చదివిన పద్ధతి ఏది?" అని. క్యాంపస్‌లోనా, దూరవిద్యా, ఆన్‌లైనా? పట్టా మీద ఆ మాట లేకపోయినా యూనివర్సిటీ జవాబులో ఉంటుంది. వేరే దేశంలో చదివామంటే ఆ దేశానికి వెళ్ళి వచ్చిన ముద్రలు కూడా అడుగుతారు.

అటెస్టేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. మన డిగ్రీ అయితే ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత ఢిల్లీలో విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశపు ఎంబసీ. ఈ దారి మన ఏజెంట్లందరికీ కంఠస్థం. కానీ డిగ్రీ బ్రిటన్‌దైతే ఈ దారి పనికిరాదు. ఏ దేశం డిగ్రీ ఇస్తే ఆ దేశంలోనే అటెస్టేషన్ జరగాలి. యూఏఈకి అయితే ముందు బ్రిటన్‌లో సొలిసిటర్ సంతకం, అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన లండన్‌లోని యూఏఈ ఎంబసీ. ఎన్నడూ లండన్ చూడని మనిషి ఇవన్నీ కూకట్‌పల్లి నుంచి ఏజెంట్ ద్వారా, పౌండ్లు కట్టి చేయించుకోవాలి. కోర్సు ఫీజు చెప్పేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ చెప్పరు.

గల్ఫ్‌లో ఒక గుర్తింపు నియమం మారితే ఏమవుతుందో 2018లో కువైట్‌లో చూశాం. ఇంజనీర్ల వర్క్ పర్మిట్ రెన్యువల్‌కి కువైట్ ఇంజనీర్ల సొసైటీ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలన్నారు. ఆ సొసైటీ భారతీయులను ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కాలేజీ డిగ్రీ చూపించమంది. ఏళ్ళ తరబడి అక్కడ పనిచేస్తున్నవాళ్ళు, పేరున్న కాలేజీల్లో రెగ్యులర్‌గా చదివినవాళ్ళు కూడా ఇరుక్కుపోయారు. రెగ్యులర్ డిగ్రీలకే ఆ గతి పట్టినప్పుడు, ఆన్‌లైన్ డిగ్రీ మీద గల్ఫ్ కొలువు కట్టుకోవడం ఇసుక మీద ఇల్లు కట్టడమే. సౌదీ కూడా 2025 జనవరి 14 నుంచి మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళకు వర్క్ వీసా ముందే అర్హతల వెరిఫికేషన్ పెట్టింది. మంచి సంగతి ఏమిటంటే, మన అబ్బాయికి గల్ఫ్‌లో బీటెక్ ఉంది. అదే అటెస్ట్ చేయించుకుని వెళ్ళడం అన్నింటికంటే నిక్కచ్చి దారి. ఆన్‌లైన్ మాస్టర్స్‌ని రెజ్యూమేలో నైపుణ్యంగా చూపించవచ్చు, వీసా ఫైలుకు ఆధారంగా మాత్రం బీటెక్‌నే పెట్టాలి.

డబ్బు కట్టకముందు

కౌన్సెలర్ ఫోన్‌లో "వరల్డ్‌వైడ్ వ్యాలిడ్" అంటాడు. ఆ మాటకు చట్టంలో అర్థం లేదు. దానికి బదులు నాలుగు సంగతులు ఈమెయిల్‌లో రాసివ్వమనండి. పట్టా ఇచ్చేది ఏ సంస్థ, ఏ దేశానిది? ఆ దేశంలో దాన్ని గుర్తించిన ప్రభుత్వ సంస్థ ఏది? యూనివర్సిటీ ఇచ్చే లెటర్‌లో చదివిన పద్ధతి ఏమని రాస్తారు? భారత్‌లో యూజీసీ దగ్గర ఈక్వివలెన్స్ వస్తుందా, రాదా? మూడో, నాలుగో ప్రశ్నల దగ్గర మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే. ఆ రాతను తీసుకెళ్ళి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌నే నేరుగా ఈమెయిల్‌లో అడగండి. అసలైన యూనివర్సిటీకి జవాబు చెప్పడానికి భయం ఉండదు.

అసలు యూనివర్సిటీయే లేని మోసాలు కూడా ఉన్నాయి. 2015 మేలో కరాచీకి చెందిన అగ్జాక్ట్ అనే కంపెనీ వందలాది ఉత్తుత్తి ఆన్‌లైన్ యూనివర్సిటీల పేరుతో డిగ్రీలు అమ్మిందని అమెరికా పత్రిక బయటపెట్టింది. కొన్నవాళ్ళలో గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు ఎందరో. అలాంటి పట్టా పెట్టి వీసాకు దరఖాస్తు చేస్తే డబ్బు పోవడంతో ఆగదు, ఫోర్జరీ కేసు అవుతుంది.

తెలంగాణ మైనారిటీ విద్యార్థులకు ఉన్న సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించీ చాలామంది అడుగుతున్నారు. ఇరవై లక్షల వరకు సాయం చేసే ఆ పథకం, కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షల లోపు ఉన్నవాళ్ళకు. అది విదేశానికి వెళ్ళి చదివేవాళ్ళకే, అక్కడ దిగిన కాగితం చూపిస్తేనే మొదటి విడత వస్తుంది. ఆన్‌లైన్ చదువుకు అది రాదు. అర్హత ఉన్న కుటుంబం వడ్డీకి భయపడి ఆన్‌లైన్ వైపు తిరిగేముందు ఈ పథకం వివరాలు కనుక్కోవడం మంచిది. ఖర్చులో సగం వరకు రిబా లేకుండా గట్టెక్కే అవకాశం అది.

ఇంతకీ ఈ అబ్బాయి ఏం చేయాలి?

ఉద్యోగంలో ఎదగడం కోసమైతే ఆరు లక్షలు పెట్టి మంచి యూనివర్సిటీలో ఆన్‌లైన్ మాస్టర్స్ చేయడంలో తప్పు లేదు. లోన్ లేదు, వడ్డీ లేదు, జీతం ఆగదు. ఇంట్లో ఉండి చదవాలనుకునే అమ్మాయికీ అదే మాట, హైటెక్ సిటీలో ప్రైవేటు ఉద్యోగమే లక్ష్యం అయితే. లెక్చరర్ కావాలంటే మాత్రం మన దేశపు డిగ్రీయే చేయాలి.

అమెరికాకు వెళ్ళడమే కోరిక అయితే ఆ ఆరు లక్షలు అటు దారి చూపించవు, కంపెనీ పంపితే తప్ప. రిష్తా మాటల్లో "అబ్బాయి అమెరికా మాస్టర్స్" అని చెప్పుకునేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. అవతలి ఇంటివాళ్ళు దాన్ని "అబ్బాయి అమెరికా వెళ్తాడు" అని వింటారు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో నిఖాకు ముందే చెప్పుకుంటే ఇద్దరికీ మంచిది.